కాలేజీ చెప్పే సగటు 30, విద్యార్థికి ఎదురయ్యే సగటు 66: రెండూ ఎలా నిజమవుతాయి?

ప్రశ్న: మా కాలేజీ వివరాల పుస్తకంలో సగటున క్లాసుకు 30 మంది అని ఉంది. నేను కూర్చునే రెండు క్లాసుల్లో ఒకదాంట్లో వంద దాటి ఉన్నారు, ఇంకోదాంట్లో నలభై. తోటివాళ్లను అడిగితే దాదాపు అందరిదీ ఇదే మాట. కాలేజీ అబద్ధం చెబుతోందా, లేక ఈ లెక్కలో నాకు తెలియనిది ఏదైనా ఉందా?

సమాధానం:

అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు. రికార్డుల్లో ఒక్క అంకె కూడా మార్చకుండా కాలేజీ 30 అని రాయగలదు, అదే సమయంలో విద్యార్థులు దానికి రెట్టింపు కంటే పెద్ద క్లాసుల్లో కూర్చోగలరు. కాలేజీల్లో టైమ్‌టేబుళ్లు, నమోదు లెక్కలు చూసే పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. డిగ్రీ చదువుతున్న మా తమ్ముడికి ఇదే అనుమానం వచ్చి కాస్త కోపంగానే నన్ను నిలదీశాడు. అప్పుడు మా మధ్య నడిచిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. వాడు వేసిన ఎదురు ప్రశ్నల వల్లే విషయం బాగా తేటపడింది.

"నువ్వు ఎవరిని అడిగావు?" అన్నాను ముందుగా.

"ఎవరిని ఏంటక్కా, మా వాళ్లందరినీ. ఎదురైన ప్రతివాణ్ణీ అడిగాను."

"అంటే నువ్వు మనుషుల్ని అడిగావు. కాలేజీ మనుషుల్ని అడగలేదురా, క్లాసుల్ని అడిగింది. తేడా అంతా అక్కడే ఉంది."

వాడికి నమ్మకం కుదరలేదు. సరే, ఒక చిన్న కాలేజీని ఊహించుకుందాం అన్నాను. దాంట్లో పది క్లాసులు. ఒక క్లాసులో 120 మంది ఉన్నారు. మూడు క్లాసుల్లో 40 మంది చొప్పున, మిగిలిన ఆరింట్లో 10 మంది చొప్పున ఉన్నారు.

"మొత్తం ఎన్ని సీట్లు నిండాయో చెప్పు."

"పెద్ద క్లాసులో 120. నలభైలు మూడు కాబట్టి ఇంకో 120. పదులు ఆరు, అంటే 60. మొత్తం 300."

"క్లాసులు పది కదా, సగటు?"

"ముప్పై. కాలేజీ చెప్పేది ఇదేగా."

"ఇదే. ఇప్పుడు ఆ 300 సీట్లలో కూర్చున్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, నీ క్లాసులో ఎంతమంది ఉన్నారని అడుగు. వచ్చిన జవాబులన్నీ కూడి 300తో భాగించు."

వాడు కాగితం తీసుకున్నాడు. పెద్ద క్లాసులో 120 మంది, ప్రతి ఒక్కరూ 120 అంటారు, కాబట్టి 14,400. నలభై మంది క్లాసుల్లో మొత్తం 120 మంది, ప్రతి ఒక్కరూ 40 అంటారు, కాబట్టి 4,800. చిన్న క్లాసుల్లో 60 మంది, ప్రతి ఒక్కరూ 10 అంటారు, కాబట్టి 600. అన్నీ కలిపితే 19,800. దాన్ని 300తో భాగిస్తే 66.

ఆ అంకె చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అంటే పెద్ద క్లాసు తన గురించి 120 సార్లు చెప్పుకుంటోంది. కాలేజీ లెక్కలో మాత్రం అది ఒక్కసారే మాట్లాడుతోంది."

నిజానికి సమాధానం అక్కడే వచ్చేసింది. కాలేజీ లెక్కలో ప్రతి క్లాసుకూ ఒకే ఓటు, అందులో పది మంది ఉన్నా, నూట ఇరవై మంది ఉన్నా. విద్యార్థుల లెక్కలో ప్రతి సీటుకూ ఒక ఓటు. పెద్ద క్లాసులో సీట్లు ఎక్కువ కాబట్టి దాని ఓట్లూ ఎక్కువే. గణాంకశాస్త్రంలో ఇలా పరిమాణాన్నే బరువుగా వేసి తీసే సగటు భారిత సగటులో ఒక రకం. మీరు తోటివాళ్లను అడిగినప్పుడు, మీకు తెలియకుండానే ఆ భారిత సగటును తీశారు.

మా వాడు అక్కడితో ఊరుకోలేదు. "కాలేజీ మాట నిజమేననుకుందాం. కానీ పదింట్లో ఆరు క్లాసులు పది మందివే అంటున్నావు కదా. అలాంటప్పుడు నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది చిన్న క్లాసుల్లో ఉండాలిగా?"

"క్లాసుల్లో నూటికి అరవై చిన్నవే. కానీ ఆ అరవై శాతం క్లాసుల్లో ఉన్న సీట్లు ఎన్ని?"

"అరవై. మూడు వందల్లో అరవై." లెక్క వేసి, "ఇరవై శాతమే!" అన్నాడు.

"మిగతా ఎనభై శాతం సీట్లూ కాలేజీ చెప్పే ముప్పై కంటే పెద్ద క్లాసుల్లోనే ఉన్నాయి. ఎదురైన పది మందిని అడిగితే, సుమారుగా ఎనిమిది మంది మాది ముప్పై కంటే పెద్దదే అంటారు. అందుకే ఆ సగటు గురించి ఎవరిని అడిగినా అబద్ధం అనిపిస్తుంది."

సగటు వద్దు, మధ్యగతం తీసుకుంటే మోసం ఉండదేమో అన్నాడు వాడు. ఇది చాలామందికి వచ్చే ఆలోచనే, కానీ ఈ కాలేజీలో అది ఇంకా దారి తప్పిస్తుంది. క్లాసుల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పెడితే నడిమికి వచ్చేది 10. సీట్లను అలాగే పెడితే నడిమికి వచ్చేది 40. సగటు ఏ రకం అన్నది కాదు ఇక్కడ ప్రశ్న, దేన్ని లెక్కపెడుతున్నాం అన్నది. లెక్కపెట్టేది క్లాసులనైతే, ఏ కొలత వాడినా సీట్ల సంగతి అందులో కనబడదు.

"అయితే ఆ ముప్పై ఎవరికి పనికొస్తుంది?" అని అడిగాడు.

"పాఠం చెప్పేవాళ్లకు. పది క్లాసులకు పది మంది లెక్చరర్లు ఉన్నారనుకో. వాళ్లను అడిగితే సగటు సరిగ్గా 30 వస్తుంది, ఎందుకంటే పెద్ద క్లాసు తీసుకునేది కూడా ఒక్కరే. ఎన్ని గదులు కావాలి, ఎన్ని సెక్షన్లు తెరవాలి అన్న లెక్కలకూ అదే అంకె కావాలి. నేను రోజూ వాడేదీ అదే. చేరబోయే విద్యార్థి తెలుసుకోవాలనుకునేది మాత్రం అది కాదు. నేను వెళ్లి కూర్చునే గదిలో ఎంతమంది ఉంటారు అని కదా అతను అడిగేది. దానికి జవాబు 66. అతని ప్రశ్నకు మొదటి అంకెను జవాబుగా ఇవ్వడమే తప్పు. దాన్ని నేను సమర్థించను."

ఇక్కడ ఒక మాట. కాలేజీలు సాధారణంగా ప్రకటించే ఇంకో అంకె విద్యార్థి–అధ్యాపక నిష్పత్తి. దాన్ని క్లాసు పరిమాణంగా తీసుకునేవాళ్లు చాలామంది. మన ఊహా కాలేజీలో 150 మంది విద్యార్థులు, ప్రతి ఒక్కరూ రెండు క్లాసులు తీసుకున్నారనుకోండి. సీట్లు 300 అవుతాయి. లెక్చరర్లు పది మంది. నిష్పత్తి 15. ఆ కాలేజీ నుంచే 15, 30, 66 అని మూడు అంకెలు వచ్చాయి, మూడూ నిజమే. విద్యార్థి ఒకటి కంటే ఎక్కువ క్లాసులు తీసుకోవడం వల్ల 15 కాస్తా 30 అయింది. క్లాసులు ఒకే పరిమాణంలో లేకపోవడం వల్ల 30 కాస్తా 66 అయింది. పరిశోధనలో ఉండి పాఠాలు చెప్పని అధ్యాపకుల్ని కూడా కలిపితే నిష్పత్తి ఇంకా కిందికి దిగుతుంది, గదిలో కుర్చీలు మాత్రం తగ్గవు.

"ఈ రెండో పెరుగుదల ఎంత ఉంటుందో ముందే చెప్పగలమా?" అన్నాడు మా వాడు. అడగాల్సిన ప్రశ్న ఇదే.

చెప్పగలం, అదీ కచ్చితంగా. విద్యార్థి చూసే సగటు ఎప్పుడూ కాలేజీ సగటుకు ఒక మొత్తాన్ని కలిపినంత ఉంటుంది. ఆ మొత్తం, క్లాసుల పరిమాణాల విస్తృతిని సగటుతో భాగిస్తే వచ్చేది. విస్తృతి అంటే ప్రతి క్లాసూ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలకు తీసిన సగటు. పెద్ద క్లాసు ముప్పైకి 90 దూరంలో ఉంది, వర్గం 8,100. నలభైలు ఒక్కొక్కటీ 10 దూరంలో ఉన్నాయి, మూడింటికీ కలిపి 300. పదులు ఒక్కొక్కటీ 20 దూరంలో ఉన్నాయి, ఆరింటికీ కలిపి 2,400. మొత్తం 10,800. పది క్లాసులకు పంచితే విస్తృతి 1,080. దాన్ని 30తో భాగిస్తే 36. ముప్పైకి 36 కలిపితే 66.

"ఆ పదివేల ఎనిమిది వందల్లో ఎనిమిది వేల నూరు ఆ ఒక్క క్లాసుదే," అన్నాడు వాడు, కాగితం మీద వేలు పెట్టి.

"అవును. తేడాలో నాలుగింట మూడు వంతులు ఆ ఒక్క గది నుంచే వస్తోంది. దూరాన్ని వర్గం చేస్తాం కాబట్టి, ఒక్క భారీ క్లాసు ఉంటే చాలు, తేడా అమాంతం పెరుగుతుంది."

"అన్ని క్లాసులూ సమానంగా ఉంటే?"

"విస్తృతి సున్నా. రెండు సగటులూ ఒకటే అవుతాయి. విస్తృతి సున్నా కంటే తగ్గదు కాబట్టి, సీట్ల మీద తీసే సగటు క్లాసుల మీద తీసే సగటు కంటే ఎప్పటికీ తక్కువ కాదు. ఏదైనా కాలేజీలో అలా వచ్చిందంటే లెక్కలోనో, రికార్డులోనో పొరపాటు ఉన్నట్టే."

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. స్కాట్ ఫెల్డ్, బెర్నార్డ్ గ్రోఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1977లోనే ఈ క్లాసు పరిమాణ వైరుధ్యం మీద, దాని వల్ల విద్యార్థుల మీద పడే ప్రభావం మీద వ్యాసం రాశారు. ఫెల్డ్ 1991లో ఇదే సూత్రంతో, మన స్నేహితులకు సగటున మనకంటే ఎక్కువమంది స్నేహితులు ఎందుకుంటారో చూపించాడు. అక్కడ కూడా ఎక్కువమంది స్నేహితులున్న మనిషి ఎక్కువమంది జాబితాల్లోకి ఎక్కుతాడు, పెద్ద క్లాసు ఎక్కువమంది జవాబుల్లోకి ఎక్కినట్టే.

ఆ తర్వాత మా సంభాషణ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే చోటికి వచ్చింది. వాడన్నాడు: "సరే, లెక్క అర్థమైంది. కానీ దీనివల్ల నిజంగా జరిగే నష్టం ఏంటి? ఏ సగటు చెబితే ఏం, గది అదే కదా."

"కాలేజీ ఇంకో ఇద్దరు లెక్చరర్లను తీసుకుందనుకో. ఇంకో రెండు క్లాసులు తెరవొచ్చు. ఎక్కడ తెరుస్తావు?"

"ఎక్కడైనా తెరవొచ్చా?"

"రెండు దారులు చూద్దాం. ఒక దారిలో, పది మంది ఉన్న రెండు క్లాసుల్ని విడగొట్టి అయిదుగురు చొప్పున నాలుగు చేశారు. ఇంకో దారిలో, 120 మంది ఉన్న క్లాసును 40 మంది చొప్పున మూడు చేశారు. రెండు దారుల్లోనూ క్లాసులు పన్నెండే. సగటు?"

"మూడు వందలు భాగించు పన్నెండు. ఇరవై అయిదు. రెండింటికీ అంతే."

"కాబట్టి పుస్తకంలో రెండూ ఒకేలా మెరుస్తాయి, ముప్పై నుంచి ఇరవై అయిదుకు తగ్గించాం అని. ఇప్పుడు సీట్ల లెక్క తియ్యి."

మొదటి దారిలో జవాబుల మొత్తం 19,800 నుంచి 19,700కు తగ్గింది. మూడు వందలతో భాగిస్తే దాదాపు 65.7. రెండో దారిలో 14,400 పోయి దాని స్థానంలో 4,800 వచ్చింది, మొత్తం 10,200. మూడు వందలతో భాగిస్తే 34.

"ఒకే ఖర్చు," అన్నాడు వాడు, "ఒకదాంట్లో విద్యార్థికి దాదాపు ఏమీ మారలేదు. ఇంకోదాంట్లో సగానికి తగ్గింది. కాలేజీ అంకె చూస్తే మాత్రం రెండూ ఒకటే!"

నన్ను బాధపెట్టేది ఇదే. కాలేజీ సగటునే లక్ష్యంగా పెట్టుకున్న చోట ఏ క్లాసును విడగొట్టినా ఫలితం ఒకటే. అలాంటప్పుడు ఏది సులువైతే అదే చేస్తారు. పెద్ద క్లాసును విడగొట్టాలంటే మరో రెండు పెద్ద గదులు వెతకాలి, టైమ్‌టేబుల్ కదపాలి, ఒకే పాఠాన్ని ముగ్గురు ఒకేలా చెప్పేలా చూడాలి. చిన్న క్లాసును విడగొట్టడానికి ఓ చిన్న గది చాలు. సులువైన పనికీ, ఉపయోగమైన పనికీ ఒకే మార్కు పడుతుంటే కష్టమైన పనికి ఎవరూ ముందుకు రారు. సీట్ల సగటును కూడా పక్కనే రాయాలనే నియమం పెడితే ఈ తేడా మొదటి సంవత్సరమే బయటపడుతుంది.

"అయితే చిన్న క్లాసులన్నీ తీసేసి అందర్నీ ముప్పై చొప్పున కూర్చోబెడితే సరిపోతుందిగా," అన్నాడు.

లెక్క ప్రకారం సరిపోతుంది. అదే పది మంది లెక్చరర్లతో సీట్ల సగటు 66 నుంచి 30కి దిగుతుంది, అంతకంటే తగ్గించడం సాధ్యం కాదు. కానీ క్లాసులు ఇటుకలు కావు. ఆ పది మంది క్లాసు చివరి సంవత్సరంలో కొద్దిమందే ఎంచుకునే సబ్జెక్టు కావచ్చు. పెద్ద క్లాసులోని వాళ్లను తెచ్చి అందులో కూర్చోబెట్టలేం. ముప్పై మంది వస్తేనే క్లాసు నడుపుతామంటే ఆ సబ్జెక్టే పోతుంది. పైగా ఒక పెద్ద ఉపన్యాసం ఒకరు బాగా చెప్పగలిగితే, దాన్ని మూడు ముక్కలు చేయకపోవడానికి మంచి కారణమే ఉండొచ్చు. సీట్ల సగటు ఎక్కువ ఉండటం దానంతట అదే తప్పు కాదు. దాన్ని విద్యార్థికి చెప్పకపోవడం తప్పు.

మా వాడికి ఇంకో ఆలోచన వచ్చింది. "నా దగ్గర కాలేజీ రికార్డులు లేవు. మా వాళ్ల జవాబులే ఉన్నాయి. వాటి నుంచి కాలేజీ చెప్పిన ముప్పై నిజమో కాదో తేల్చగలనా?"

తేల్చొచ్చు, ఆ పద్ధతి కూడా చాలా చక్కనిది. జవాబుల మామూలు సగటు కాకుండా హరాత్మక మధ్యమం తీయాలి. అంటే ప్రతి జవాబునూ ఒకటికి కింద వేసి, 120 అయితే 120లో ఒక వంతు, 40 అయితే 40లో ఒక వంతు అలా అన్నీ కూడి, ఎంతమందిని అడిగామో ఆ సంఖ్యను ఆ మొత్తంతో భాగించాలి. ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి. 120 మంది క్లాసులో ఒక్కొక్కరూ 120లో ఒక వంతు తెస్తారు, 120 మందీ కలిసి సరిగ్గా ఒకటి తెస్తారు. పది మంది క్లాసులో ఒక్కొక్కరూ పదో వంతు తెస్తారు, పది మందీ కలిసి మళ్లీ ఒకటే. క్లాసు ఎంతదైనా మొత్తంలో దాని వాటా ఒకటే. అందుకే 300 మంది జవాబులూ అలా కూడితే 10 వస్తుంది, అంటే క్లాసుల సంఖ్య. 300ను 10తో భాగిస్తే 30.

వాడు వెంటనే పది మంది జవాబులతో ప్రయత్నించాడు. సీట్ల వాటా ప్రకారం నలుగురు 120 అని, నలుగురు 40 అని, ఇద్దరు 10 అని చెప్పారనుకున్నాడు. మామూలు సగటు 66 వచ్చింది, హరాత్మక మధ్యమం 30 వచ్చింది. ఒకే పది జవాబుల్లో రెండు సగటులూ ఉన్నాయి.

కానీ ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి, మా వాడికీ అదే చెప్పాను. ఈ పద్ధతిలో చిన్న క్లాసు నుంచి వచ్చే ఒక్క జవాబు చాలా బరువు మోస్తుంది. ఆ పది మందిలో చిన్న క్లాసువాళ్లు ఇద్దరికి బదులు ఒక్కరే తగిలి, పెద్ద క్లాసువాళ్లు అయిదుగురు తగిలారనుకోండి, హరాత్మక మధ్యమం 41 దాటుతుంది. చిన్న క్లాసువాళ్లు ముగ్గురు, పెద్ద క్లాసువాళ్లు ముగ్గురు అయితే 24 కంటే కిందికి పడుతుంది. ఒక్క మనిషి తేడాకే ఇంత ఊగుతుంది. కాబట్టి పది మందితో తీర్పు చెప్పకండి. వీలైతే వందకు పైగా జవాబులు తీసుకోండి, అవి కూడా ఒకే విభాగం వాళ్లవి కాకూడదు. ఇంకో సంగతి, ప్రతి ఒక్కరినీ వాళ్లు తీసుకున్న అన్ని క్లాసుల గురించీ అడగండి. ఒక్కటే చెప్పమంటే మనిషికి గుర్తొచ్చేది ఎక్కువ ఇరుకుగా అనిపించిన క్లాసే. పైగా పెద్ద క్లాసులో ఎంతమంది ఉన్నారో అందులో కూర్చున్నవాళ్లు సరిగ్గా చెప్పలేరు. హాజరైనవాళ్లను చూసి చెబుతారా, నమోదైనవాళ్లను చెబుతారా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. కాలేజీ లెక్కించేది నమోదునే.

"ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నా లెక్కా వాళ్ల లెక్కా కలవకపోతే?"

"అప్పుడు దేన్ని క్లాసు అని లెక్కపెట్టారో అడగాలి. నిజంగా తేడా చేసేవాళ్లు అక్కడే చేస్తారు."

120 మంది ఉపన్యాసానికి అనుబంధంగా, ఇరవై మంది చొప్పున ఆరు చర్చా సెక్షన్లు ఉన్నాయనుకోండి. వాటిని కూడా విడి క్లాసులుగా లెక్కిస్తే క్లాసులు పదహారు, సీట్లు 420, సగటు దాదాపు 26కు దిగుతుంది. సీట్ల సగటు కూడా 66 నుంచి 53 దగ్గరికి పడిపోతుంది. పెద్ద హాల్లోంచి ఒక్క మనిషి లేచి వెళ్లలేదు, అయినా రెండు అంకెలూ తగ్గాయి. ఒక్కరే విద్యార్థి ఉండే ప్రాజెక్టు పనిని క్లాసుగా రాస్తే ఇంకా విచిత్రం. అలాంటివి అయిదు కలిపితే కాలేజీ సగటు 30 నుంచి 20 దాకా దిగుతుంది, సీట్ల సగటు మాత్రం 65 దగ్గరే నిలిచిపోతుంది. కాలేజీ సగటు ఇంతగా పడిపోయి సీట్ల సగటు కదలకపోతే, మొదట అనుమానించాల్సింది ఈ ఒంటరి క్లాసులనే.

అమెరికాలో చాలా కాలేజీలు ఏటా నింపే కామన్ డేటా సెట్ అనే పట్టికలో క్లాసు సెక్షన్లను, అనుబంధ సెక్షన్లను వేరు వేరు వరుసల్లో రాస్తారు, ఒక్కరికే చెప్పే పాఠాన్ని లెక్కలోకి తీసుకోరు. అక్కడ ఒక సగటుకు బదులు, 2 నుంచి 9 మంది ఉన్నవి ఎన్ని, 10 నుంచి 19 ఉన్నవి ఎన్ని, అలా పైకి వెళ్తూ 100 దాటినవి ఎన్ని అని ఇస్తారు. ఒంటి సగటు కంటే ఇది ఎంతో మేలు. అయినా చివరి గడికి పైన హద్దు లేదు. మన ఊహా కాలేజీ ఆ గడిలో ఒకటి అని రాస్తుంది. ఆ ఒక్క క్లాసులో 120 మంది ఉంటే సీట్ల సగటు 66. అదే ఒక్క క్లాసులో 400 మంది ఉంటే అది 285. పట్టికలో మాత్రం రెండు సందర్భాల్లోనూ అదే ఒకటి.

"అయితే నేను కాలేజీని ఏమని అడగాలి?" అన్నాడు చివరికి.

నేను వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. సగటు ఎలా తీశారని అడిగితే ఒక పేరా వివరణ వస్తుంది, దానితో మీకు ఒరిగేదేమీ ఉండదు. ఈ టర్ములో నడిచిన సెక్షన్ల జాబితా అడగండి. విద్యార్థుల పేర్లు అక్కర్లేదు. ప్రతి సెక్షన్‌కూ ఒక వరుస, దాంట్లో కోర్సు పేరు, నమోదైనవారి సంఖ్య, అది ప్రధాన క్లాసా, అనుబంధ సెక్షనా, ఒక్కరికే చెప్పేదా అన్న గుర్తు ఉంటే చాలు. ఆ జాబితా నమోదు విభాగంలో ఎలాగూ ఉంటుంది. అది లేకుండా టైమ్‌టేబులే తయారు కాదు. అది చేతికి వస్తే, నమోదు సంఖ్యల వర్గాలు కూడి, నమోదు సంఖ్యల మొత్తంతో భాగించండి. వచ్చేది మీరు కూర్చునే గది సగటు. జాబితా ఇవ్వడం కుదరదంటే ఆ రెండు మొత్తాలే అడగండి. అవి చెబితే ఏ విద్యార్థి వివరమూ బయటికి పోదు కాబట్టి, కాదనడానికి వాళ్లకు కారణం దొరకదు.